ఏమీ సిద్ధం చేయకండి

మా ఫ్రిజ్‌కు నా మీద పగ ఉందని కొన్నాళ్లు గట్టిగా నమ్మాను. పైన ఫ్రీజర్లో ఐస్‌క్రీమ్ చెంచా దిగనంత రాయిలా ఉండేది. కింద పాలు మాత్రం విరిగిపోయేవి. పొద్దున పెట్టిన ఆకుకూర సాయంత్రానికి తల వాల్చేసేది. ఒకే పెట్టెలో పైన మంచుకొండ, కింద ఎండాకాలం. అదీ ఎప్పుడూ కాదు. విసిగి ఆపేసి కడిగి పెడితే కొన్నాళ్లు బుద్ధిగా చల్లబరిచేది. బాగుపడిందిలే అని నేను కాస్త ఊపిరి పీల్చుకునే సరికి మళ్లీ మొదలు.

మా ఇంట్లో ఫ్రిజ్‌తో ఎక్కువ కాపురం చేసేది నేనే. కొడుకూ కోడలూ పొద్దున్నే ఉద్యోగాలకు వెళ్లిపోతారు. మా మనవరాలికి మధ్యాహ్నానికల్లా బడి అయిపోతుంది. దాన్ని నేను పిచ్చుక అంటాను, ఒక్క చోట వాలి కూర్చోదు గనుక. బడి గేటు దగ్గర అది నా చెయ్యి పట్టుకున్నప్పటి నుంచి చీకటి పడ్డాక వాళ్లమ్మ ఇంటికి వచ్చేదాకా అది నాది. రోజంతటిలో నాకు రోజులా అనిపించేది ఆ కాసేపే.

ఫ్రిజ్ సంగతి చెబితే మా వాడు ఫోన్ చేసి కనుక్కోమన్నాడు. చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, మీ కాల్ మాకు ఎంతో విలువైనది అంటూ ఒకావిడ పాటలు పెట్టి వినిపించింది. అంత విలువైనదైతే ఎత్తి మాట్లాడొచ్చు కదా! విసుగొచ్చి, ఫ్రిజ్‌తో పాటు ఇచ్చిన పుస్తకం వెనక అట్ట మీదున్న చిరునామాకు మెయిల్ రాశాను. రెండు వేళ్లతోనే అనుకోండి, కానీ రాశాను. ఆసుపత్రిలో బట్టల గది మొత్తం నడిపినదాన్ని. ఏ వార్డుకు ఎన్ని దుప్పట్లు వెళ్లాయో, ఎన్ని తిరిగి రాలేదో వ్రాతపూర్వకంగా అడిగి అడిగి ఎంతమంది చేత నీళ్లు తాగించానో. మెయిల్ నాకో లెక్కా?

జవాబు మర్నాడే వచ్చింది. ఫ్రిజ్ లోపలి గోడకు అంటించిన కాగితం ఫొటో తీసి పంపమన్నారు, మోడల్ నంబరు దాని మీదే ఉంటుందట. ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, ఏ రోజుల్లో ఇంట్లో ఉంటారు అని అడిగారు. అన్నిటికీ రాశాను. అప్పుడు అసలు మెయిల్ వచ్చింది. మంగళవారం పది నుంచి ఒంటిగంట లోపు టెక్నీషియన్ వస్తాడు, బయల్దేరే ముందు ఫోన్ చేస్తాడు, ఎత్తకపోతే విజిట్ రద్దవుతుంది, పెద్దవాళ్లు ఒకరు ఇంట్లో ఉండాలి అని. కింద ఇలా ఉంది: “దయచేసి ఫ్రిజ్ ఖాళీ చేసి, లోపల శుభ్రం చేసి, ముందుకు జరపడానికి వీలుగా చుట్టూ స్థలం ఉంచండి.”

శుభ్రం అనే మాట నాతో అన్నారు! ముందురోజు సాయంత్రమే స్విచ్ ఆపేశాను. సామానంతా పక్కింటి వాళ్ల ఫ్రిజ్‌లోకి చేరవేశాను. అరలన్నీ ఊడదీసి సబ్బు పెట్టి తోమాను. ఫ్రీజర్ గోడలు పొడిగుడ్డతో తుడిచి, వాసన లేకుండా రాత్రంతా రెండు తలుపులూ బార్లా తెరిచి ఆరబెట్టాను. తెల్లారగానే మళ్లీ స్విచ్ వేశాను. బయటివాడు మన ఫ్రిజ్‌లో తల పెట్టి చూస్తాడంటే ఒక మరక కనబడితే పరువేముంటుంది?

చెప్పిన వేళలోనే ఒక కుర్రాడు వచ్చాడు. థర్మామీటర్ లోపల పెట్టాడు, కాసేపు ఆగి తీసి చూశాడు. తలుపు చుట్టూ ఉండే రబ్బరు బిగువుగా ఉందో లేదో కాగితం ముక్క మధ్యలో పెట్టి లాగి చూశాడు.

“చక్కగా చల్లబడుతోందమ్మా. ఏ లోపమూ లేదు,” అన్నాడు.

“మరి పాలెందుకు విరుగుతున్నాయి నాయనా?”

“తలుపు సరిగ్గా పడటం లేదేమో చూసుకోండి. చిన్నపిల్లలున్న ఇల్లు కదా.”

ఆ మాట అక్కడితో పోలేదు. ఫ్రిజ్ కొన్నది మా వాడి పేరు మీద. అందుకని విజిట్ రిపోర్టు వాడి మెయిల్‌కు కూడా వెళ్లింది. ‘లోపం కనబడలేదు. తలుపు పూర్తిగా మూయవలసిందిగా సూచించడమైనది.’ మా వాడు దాన్ని చదివి నవ్వాడు. “అమ్మా, నీ మీద రిపోర్టు వచ్చిందే,” అన్నాడు. నేనూ నవ్వాను. అప్పటికి నవ్వొచ్చే విషయమే.

రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ పాలు విరిగాయి. మళ్లీ మెయిల్ రాశాను, మళ్లీ అదే జవాబు, రోజు మాత్రం మారింది. ఈసారి ఇంకా పట్టుగా శుభ్రం చేశాను. నీళ్లు పోయే చిన్న గొట్టంలోకి కూడా పుల్ల పెట్టి తుడిచాను. ఇంకో మనిషి వచ్చాడు. థర్మామీటరూ కాగితం ముక్కా అవే, మాటా అదే. పైగా, “ఇంత నీటుగా పెట్టుకున్న ఫ్రిజ్ ఈ మధ్య ఎక్కడా చూడలేదమ్మా,” అని మెచ్చుకుని మరీ వెళ్లాడు. ఒళ్లు మండింది, కానీ మెచ్చుకున్నవాడిని ఏమంటాం?

రెండో రిపోర్టుకు మా వాడు నవ్వలేదు. నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. ఆసుపత్రిలో ముసలి రోగుల పిల్లలు డాక్టరుతో మాట్లాడేటప్పుడు పక్కనున్న తల్లి వైపు అలాగే చూసేవారు.

మర్నాడు ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం వెలసింది. ‘తలుపు సరిగ్గా వేయాలి’ అని, కోడలి గుండ్రటి రాత. ఎవరికోసమో పేరు రాయలేదు. రాయనక్కర్లేదు కూడా. నేను పాల గిన్నె తీసుకుని తలుపు వేసి ఇటు తిరగ్గానే ఎవరో ఒకరు అటు వెళ్లి తలుపును అరచేత్తో ఒకసారి నొక్కేవారు. ఏమీ అనేవారు కాదు. అంటే పోట్లాడేదాన్ని. పిచ్చుకకు అప్పుడప్పుడే అక్షరాలు కూడుతున్నాయి. ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదవడం, ఆ తర్వాత వెళ్లి రెండు చేతులతో తలుపు నొక్కడం దానికో ఆటైపోయింది. “నానమ్మా, నేను చూశాలే!” అనేది. నా ప్రాణం ఉసూరుమనేది.

ఒక మధ్యాహ్నం పిచ్చుక పాలు తాగి వాంతి చేసుకుంది. పాలు కాచినప్పుడు విరగలేదు, వాసనా తేడాగా లేదు. సాయంత్రానికి అది లేచి గెంతుతూనే ఉంది. అయినా ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు చాలా మెత్తగా మొదలుపెట్టింది.

“అత్తయ్యా, వచ్చే నెల నుంచి దీన్ని బడి పక్కనే ఉన్న డేకేర్‌లో వేద్దామనుకుంటున్నాం. మీకూ కాస్త విశ్రాంతిగా ఉంటుంది.”

“నేను అలిసిపోయానని ఎవరు చెప్పారమ్మా?”

“అలసట అని కాదు. ఈ మధ్య మీరు కొంచెం... మర్చిపోతున్నారేమోనని. వయసులో ఎవరికైనా మామూలేగా. ఇవాళ ఫ్రిజ్ తలుపు, రేపు గ్యాస్ అయితే?”

మా వాడు పళ్లెంలోకి చూస్తూ, “ఒకసారి డాక్టర్‌కు కూడా చూపిద్దాం, అమ్మా. తప్పేముంది?” అన్నాడు.

వాళ్లు తిట్టి ఉంటే బాగుండేది. జాలిపడ్డారు.  కోడలు చెడ్డది కాదు. అది నా మనసెరిగిన పిల్ల, తన పిల్ల కోసం భయపడింది. దాని స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమో. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఇంకా ఘోరమేమిటంటే, నాకూ అనుమానం పట్టుకుంది. నిజంగానే తలుపు వేస్తున్నానా? వేశానని అనుకుంటున్నానా? స్నానానికి వెళ్లి సబ్బు రాసుకుంటూ రాసుకుంటూ ఆగి, తువ్వాలు చుట్టుకుని వచ్చి తలుపు చూసుకున్న రోజు కూడా ఉంది. తలుపు వేసే ఉంది.

మూడో మెయిల్ కోపంతో రాశాను. ‘అయ్యా లేక అమ్మా, మీరు ఎవరో నాకు తెలియదు’ అని మొదలుపెట్టాను. మీరు చెప్పినవన్నీ రెండుసార్లూ అక్షరం పొల్లుపోకుండా చేశానని రాశాను. ముందురోజు సాయంత్రం ఆపాను, రాత్రంతా తలుపులు తెరిచాను, ఫ్రీజర్ గోడల నుంచి కారిన నీళ్లు ఎత్తి పోశాను, అద్దంలా తుడిచాను, ఇంతకన్నా ఒక ఆడమనిషి ఏం సిద్ధం చేయగలదు అని నిలదీశాను. మీ మనుషులు వెళ్లాక పది రోజులు బాగుంటుంది, తర్వాత పైన రాయి, కింద కషాయం అని రాశాను. చివర్లో చెయ్యి ఆగలేదు. ‘మీ రిపోర్టుల వల్ల మా ఇంట్లో నాకు మతిమరుపని తేల్చేశారు. నా మనవరాలిని నా దగ్గర నుంచి తీసేస్తున్నారు. ఫ్రిజ్‌లో లోపం లేకపోతే లోపం నాలో ఉన్నట్టే కదా’ అని కూడా రాసి, తుడిపేద్దామనుకుంటూనే పంపేశాను.

ఈసారి జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది. వచ్చిన జవాబు అచ్చుపోసినట్టు లేదు. అడుగున సర్వీస్ డెస్క్ అనే ఉంది కానీ రాసింది ఒక మనిషేనని తెలిసిపోతోంది.

“అమ్మా, మీ మెయిల్‌ను మా సీనియర్ టెక్నీషియన్‌తో చదివించాను. మేము పంపే సూచనలు అన్ని ఫ్రిజ్‌లకూ ఒక్కటే. మీ ఇబ్బందికి అవి పనికిరావని ఆయన అభిప్రాయం. గురువారం మూడు నుంచి ఐదు లోపు ఆయనే వస్తారు. ఈసారి దయచేసి ఏమీ సిద్ధం చేయకండి. స్విచ్ ఆపకండి. ఖాళీ చేయకండి. తుడవకండి. పాడవుతున్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉండనివ్వండి. పాలు, మందులు మాత్రం వేరే చోట పెట్టుకోండి. ఫ్రిజ్ ముందు మనిషి నిలబడే చోటుంటే చాలు.”

నేను దాన్ని మూడుసార్లు చదివాను. ఏమీ చేయకుండా ఉండటం అంత కష్టమని నాకు అప్పటిదాకా తెలియదు. రెండో అరలో కూర ఒలికి ఎండిపోయింది. కింది డబ్బాలో దోసకాయ ఒకటి మెత్తబడి నీరు కారుతోంది. తలుపు తీసినప్పుడల్లా నా చెయ్యి గుడ్డ కోసం దానంతటదే వెళ్లేది. ఆ చేతిని ఈ చేత్తో పట్టుకుని తలుపు వేసేదాన్ని. పాలు పక్కింట్లో దాచాను. బుధవారానికి కింది అర గోరువెచ్చగా ఉంది, పైన ఐస్‌క్రీమ్ మామూలుగానే రాయి. జన్మలో మొదటిసారి ఫ్రిజ్ పాడైనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

గురువారం కోడలు సగం రోజు సెలవు పెట్టి వచ్చింది. “మీరొక్కరే వాళ్లకు వివరంగా చెప్పలేరేమోనని, అత్తయ్యా,” అంది. నాకు చివుక్కుమంది. పిచ్చుకకు ఆ రోజు బడిలో ఏదో ఆటల సాధన ఉండి ఆలస్యంగా వదులుతామన్నారు. దాన్ని తీసుకురావడానికి వెళ్లాను.

మేము తిరిగొచ్చేసరికి కోడలు వంటింట్లో మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఫ్రిజ్ కింది తలుపు తెరిచి ఉంది. రెండో అర బయట, దోసకాయ చెత్తబుట్టలో. లోపల దీపం వెలగడం లేదు.

“ముట్టుకోకు!” అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పిచ్చుక నా చెయ్యి వదిలేసింది.

కోడలు బిత్తరపోయింది. “ఏమైంది అత్తయ్యా? ఎంత మురికిగా ఉందో చూశారా? మనిషొచ్చే వేళయింది, చూస్తే ఏమనుకుంటాడు? మీరు ఇలా ఎప్పుడూ వదిలేయరు కదా...” అంటూ మధ్యలో ఆగిపోయింది. ఆ ఆగిన చోట ఏముందో నాకు అర్థమైంది. మురికిని గమనించుకోలేని స్థితికి వచ్చేశాననుకుంది.

“స్విచ్ ఎప్పుడు ఆపావు?”

“ఇప్పుడే, ఓ పావుగంట. షాక్ కొడుతుందేమోనని.”

“పై తలుపు తీశావా?”

“లేదు. పైన ఇంకా మొదలుపెట్టలేదు.”

నేను కింది తలుపు వేసి స్విచ్ వేశాను.  మెయిల్ తెరిచి ఫోన్ కోడలి చేతికిచ్చాను. అది అక్కడే నేల మీద కూర్చుని పై నుంచి కిందికి, అంటే నా మెయిల్ దాకా, మొత్తం చదివింది. చివరి వాక్యాల దగ్గర దాని ముఖం ఎర్రబడింది. ఫోన్ తిరిగిస్తున్నప్పుడు నా కళ్లలోకి చూడలేదు.

అప్పుడే టెక్నీషియన్ ఫోన్ చేశాడు. దగ్గర్లోనే ఉన్నాడట. “ఏమీ ముట్టుకోలేదు కదమ్మా?” అన్నాడు. పావుగంట ఆగిపోయిందని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. “పైది తీయలేదు కదా, పర్వాలేదు. నేను వచ్చేదాకా తలుపులు మూసే ఉంచండి,” అన్నాడు.

నెరిసిన మీసాల మనిషి. థర్మామీటర్ పెడితే కింది అరలో వేడి తెలిసిపోయింది. ఫ్రీజర్లో సామాను తీయించి, లోపల వెనక గోడలా కనబడే ప్లాస్టిక్ పలకకున్న స్క్రూలు విప్పాడు. పలక రాలేదు. మంచు పట్టేసి ఉంది. అంచుల్లో కాస్త వేడిగాలి కొట్టి, మెల్లగా ఊపి ఊపి లాగాడు. దాని వెనక ఇనుప తీగల అల్లిక ఉండాలట. మాకు కనబడలేదు. ఆ చివర నుంచి ఈ చివరకు తెల్లటి మంచు దిమ్మ ఒకటి కదలకుండా కూర్చుంది.

“ఇదిగో మీ దొంగ,” అన్నాడు. “ఈ తీగల మీద మంచు పేరుకోవడం మామూలే. కింద చిన్న హీటర్ ఒకటి అప్పుడప్పుడూ వెలిగి ఆ మంచును కరిగిస్తుంది. అది కాలిపోతే మంచు పెరుగుతూ పోతుంది. చల్లగాలి కిందికి దిగే దారి మూసుకుపోతుంది. పైన గట్టిగా, కింద వేడిగా.”

మంచు కాస్త కరిగించి, మీటర్ తీగలు రెండూ హీటర్‌కు ఆనించి చూశాడు. ముల్లు కదల్లేదు. “దీంట్లో కరెంటు పారడం లేదు. పోయింది ఇది.”

“మరి ఇంతకుముందు వచ్చినవాళ్లకు ఎందుకు దొరకలేదు?” కోడలు అడిగింది.

“దొరకడానికి మంచుంటే కదమ్మా! రాత్రంతా తలుపులు తెరిచి పెడితే హీటర్ చేయాల్సిన పని పెద్దమ్మగారే చేసేశారు. మావాళ్లు వచ్చేసరికి గాలి దారి ఖాళీ. కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది ఫ్రిజ్. మళ్లీ మంచు నిండటానికి పది పన్నెండు రోజులు పడుతుంది. తప్పు మాదేలెండి, తుడిచి పెట్టమన్నది మేమేగా. వెనక పలక విప్పి చూడాల్సింది, చూడలేదు.”

“తలుపు?” అంది కోడలు. గొంతు బాగా తగ్గింది.

“తలుపుకేం? రాయిలా ఉంది. దీనికీ తలుపుకూ సంబంధం లేదు.”

 అనడానికి నోటి నిండా మాటలున్నాయి. కానీ ఏడుపు ముందు నిలబడి దారివ్వలేదు. చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, మంచు కరిగితే నీళ్లకు ఏం కావాలని ఆయన్ని అడిగాను. తువ్వాళ్లు, ఒక టబ్బు అన్నాడు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు లేచాను. ఇంట్లో ఉన్న పాత తువ్వాళ్లన్నీ దింపాను. ఆయన వేడిగాలి కొడుతుంటే, దిమ్మలు దిమ్మలుగా ఊడి పడే మంచును ఎత్తుతూ, గుడ్డలు పిండుతూ, ఎండిన కూర మరకను కసి తీరా తోమాను. నా మెయిల్ చదివి హీటర్ వెంట తెచ్చుకున్నాడట, అప్పటికప్పుడే బిగించేశాడు. సంతకం పెట్టమన్నప్పుడు రిపోర్టులో ఏం రాశాడో చూశాను. ‘హీటర్ కాలిపోయింది, మార్చడమైనది’ అని ఉంది. “తలుపు గురించి కూడా రాయండి,” అన్నాను. ఆయన నవ్వి, ‘తలుపు బాగుంది’ అని చేర్చాడు. అది మా వాడి మెయిల్‌కు కూడా వెళుతుంది కదా.

ఆయన వెళ్లాక కోడలు సామానంతా తిరిగి లోపల సర్దింది. తర్వాత, “డేకేర్‌కు వద్దని రాసేస్తాను, అత్తయ్యా,” అంది. “రాయి,” అన్నాను. అంతకు మించి ఇద్దరికీ చేతకాలేదు.

పక్కింటి నుంచి పాలు తెచ్చి లోపల పెట్టి, తలుపు వేసి, స్టవ్ వైపు తిరిగాను. వెనక చిన్న అడుగుల చప్పుడు. పిచ్చుక పరుగెత్తుకొచ్చి తలుపు మీది కాగితం ముందు నిలబడి, అలవాటుగా రెండు చేతులూ ఎత్తింది.

కోడలు దాని చేతులు పట్టుకుని ఆపింది. కాగితం పీకి ఉండచుట్టి చెత్తబుట్టలో వేసింది.

“అక్కర్లేదమ్మా,” అంది. “నానమ్మ వేసింది.”